ధర కాదు, రోజులు లెక్కపెట్టే గీతలు

షేర్ మార్కెట్ చార్టు కింద కనిపించే ఇండికేటర్లలో చాలావరకు ధరను పిండి ఏదో ఒక అంకె తీసేవే. అరూన్ దారి వేరు. ధర ఎంత పెరిగింది, ఎంత పడింది అన్నది దానికి పట్టదు. అది అడిగేది ఒకటే ప్రశ్న: ఈమధ్య కాలంలో అన్నిటికన్నా ఎక్కువ ధర పలికిన రోజు గడిచి ఎన్నాళ్లయింది? తక్కువ ధర పలికిన రోజు గడిచి ఎన్నాళ్లయింది?

తుషార్ చాందే 1995లో దీన్ని రూపొందించి, తొలివెలుగును సూచించే ‘అరుణ’ పేరు మీద అరూన్ అన్నారు. లెక్క చేతివేళ్ల మీద చేసుకునేంత తేలిక. ముందు ఎన్ని రోజులు చూడాలో నిర్ణయించుకోవాలి. 25 మామూలుగా వాడే అంకె, 14 వాడేవాళ్లూ ఉన్నారు. 25 అనుకుంటే, ఇవాళ్టితో పాటు వెనక్కి మరో 25 ట్రేడింగ్ రోజులు ఒక కిటికీలోంచి కనిపిస్తున్నాయన్నమాట. సెలవులు లెక్కలోకి రావు. ఆ కిటికీలో అన్నిటికన్నా ఎక్కువ ధర ఎన్ని రోజుల కిందట వచ్చిందో చూసి, దాన్ని 25 నుంచి తీసేసి శాతంగా మారిస్తే అరూన్ అప్ వస్తుంది. తక్కువ ధరకూ ఇదే లెక్క, అది అరూన్ డౌన్.

```
Aroon Up   = (25 - days since 25-day high) / 25 * 100
Aroon Down = (25 - days since 25-day low)  / 25 * 100
```

కొత్త గరిష్ఠం ఇవాళే వస్తే అప్ 100. రేపు కొత్త గరిష్ఠం రాకపోతే 96, ఎల్లుండి 92. రోజుకు నాలుగు చొప్పున తరిగి తరిగి, పాతికో రోజుకు సున్నా. అందుకే ఈ గీతలు మెట్లు దిగినట్టు దిగుతాయి, ఎక్కేటప్పుడు మాత్రం ఒక్క గెంతులో ఎక్కుతాయి. అప్ గీత డౌన్‌ను దాటి పైకి వెళ్తే పెరుగుదల మొదలైందనీ, డౌన్ పైకి వస్తే పతనం మొదలైందనీ ట్రేడర్లు చదువుకుంటారు. 70 దాటిన గీతను బలమైనదిగా, 30 కిందికి జారినదాన్ని నీరసపడినదిగా లెక్కేస్తారు. రెండూ కలిసి పక్కపక్కనే కిందికి దిగుతుంటే మార్కెట్ ఎటూ తేల్చుకోకుండా ఒకచోటే తచ్చాడుతోందని అర్థం.

చదవడానికి ఇంత సులువైన పరికరం నిజమైన తుఫానులో ఎలా నడిచిందో చూడాలంటే 2020 వసంతంలోని నిఫ్టీని మించిన పాఠం దొరకదు. కరోనా భయంతో మార్చి 23న నిఫ్టీ ఒక్కరోజులో 13 శాతం పడింది. మర్నాడు, అంటే దేశమంతా లాక్‌డౌన్ ప్రకటించిన రోజున, 7,511 దాకా దిగింది. ఆరోజు 25 రోజుల అరూన్ డౌన్ 100, అప్ సున్నా. పతనం ఎంత సూటిగా సాగిందో ఈ రెండు అంకెలే చెబుతాయి.

మర్నాటి నుంచే మార్కెట్ లేచింది. అరూన్ అప్ మాత్రం లేవలేదు. నెలరోజుల పాటు సున్నా చుట్టుపక్కలే పడి ఉంది. కారణం కిటికీలోనే ఉంది. ఫిబ్రవరి నుంచి మార్చి దాకా ధరలు వరసగా పడుతూ వచ్చాయి కాబట్టి, కిటికీలో కనిపించే అన్నిటికన్నా ఎక్కువ ధర ఎప్పుడూ దాని ఎడమ అంచునో, ఆ అంచుకు దగ్గర్లోనో ఉంటోంది. ఒక పాత రోజు జారిపోగానే, దాని పక్కనున్న మరో పాత రోజు గరిష్ఠం అవుతోంది. ఏప్రిల్‌లో ధర రోజురోజుకూ మెరుగవుతున్నా, గీతకు ఆ సంగతి తెలిసే దారి లేదు.

ఏప్రిల్ ఆఖరి వారంలో ఆ పరిస్థితి మారింది. మార్చి మధ్యలో నిఫ్టీ 9,400 పైన కనిపించిన రోజులు ఒక్కొక్కటే కిటికీలోంచి బయటికి పోయాయి. అప్పటిదాకా మరుగున పడి ఉన్న ఏప్రిల్ ధరలే గరిష్ఠమయ్యాయి. 28వ తేదీకల్లా అప్ గీత డౌన్‌ను దాటేసింది. ఆరోజు ముగింపు 9,380. అంటే అట్టడుగు నుంచి సుమారు పాతిక శాతం పెరిగాక గాని అరూన్ ‘పెరుగుదల మొదలైంది’ అనలేదు. రెండు రోజుల తర్వాత, ఏప్రిల్ 30న, అప్ 100, డౌన్ 8. పుస్తకంలో చూపించదగ్గ బుల్ సంకేతం. ముగింపు 9,859.

మేడే సెలవు, వారాంతం దాటాక మార్కెట్ తెరిచింది మే 4న. ఆ ఒక్కరోజే నిఫ్టీ 566 పాయింట్లు, అంటే దాదాపు ఆరు శాతం, కోల్పోయింది.

అసలు తమాషా మే మూడో వారంలో జరిగింది. మే 18న నిఫ్టీ 8,806 దాకా దిగింది. అంతకన్నా తక్కువ ధర ఏప్రిల్ 8న వచ్చి ఉంది, అది ఇంకా కిటికీ అంచున నిలబడే ఉంది. కాబట్టి ఆరోజు అరూన్ డౌన్ సున్నా. మర్నాడు ఏప్రిల్ 8 కిటికీలోంచి జారిపోయింది. ఇప్పుడు అన్నిటికన్నా తక్కువ ధర మే 18దే, అది ఒక్కరోజు పాతది. డౌన్ గీత సున్నా నుంచి ఒక్కసారిగా 96కి గెంతి, అప్‌ను దాటేసింది. చార్టు చూసేవారికి అది భయంకరమైన పతన సంకేతం. కానీ ఆరోజు నిఫ్టీ ఓ అరశాతం పెరిగే ముగిసింది, 8,879 దగ్గర. గీతను గెంతించింది మే 19న జరిగిన అమ్మకాలు కావు, ఆరు వారాల కిందటి ఒక రోజు లెక్కలోంచి తొలగిపోవడం.

ఆ సంకేతాన్ని నమ్మి అమ్మినవారికి జూన్ 1న గాని అరూన్ మాట మార్చలేదు. ఆరోజు నిఫ్టీ ఏప్రిల్ 30 నాటి గరిష్ఠాన్ని దాటి, అప్ మళ్లీ 100కి చేరింది. ముగింపు 9,826. రెండు వారాల్లో పది శాతం పైగా చేజారిపోయిందన్నమాట.

కాబట్టి గీతలు కలుసుకున్నాయా లేదా అన్నదానికన్నా ముందు చూడాల్సినది, గీత ఎందుకు గెంతింది అన్నది. పరీక్ష కష్టమేమీ కాదు. డౌన్ సరిగ్గా 100కి చేరితే ఆరోజే కొత్త కనిష్ఠం వచ్చింది. 96, 80, 64 లాంటి అంకెకు గెంతితే ఆరోజు కొత్త ధరేదీ పుట్టలేదు, ఒక పాత రోజు కిటికీ దాటిపోయిందంతే. 100 పడినప్పుడు కూడా ఎడమవైపు ఓ కన్నేయడం మంచిది. పాతదేదైనా సరిగ్గా ఆరోజే జారిపోయి ఉంటే, ఇవాళ్టి ధర గొప్పగా కనిపించడంలో దాని వాటా కూడా ఉంటుంది. ఏప్రిల్ ఆఖరి వారంలో అప్ గీత విషయంలో జరిగింది ఆ రెండూ కలిసినదే.

రెండు సాఫ్ట్‌వేర్లు ఒకే షేరుకు వేర్వేరు అరూన్ చూపిస్తే కంగారు పడనక్కర్లేదు. కొన్ని ఇవాళ్టిని కలుపుకుని 25 రోజులే చూస్తాయి, కొన్ని ఇవాళ్టితో కలిపి 26. మొదటి పద్ధతిలో ఏప్రిల్ 8 ఒకరోజు ముందే కిటికీ దాటిపోతుంది. అప్పుడు మే 18నే డౌన్ 100 అని పడుతుంది.