కణం లోపల ఏటీపీ ఇచ్చే శక్తి: 30.5 ఎందుకు 52 అవుతుంది?

ఏటీపీ అణువు నీటితో చర్య జరిపినప్పుడు దాని చివరి ఫాస్ఫేట్ ఊడిపోయి ఏడీపీ, అకర్బన ఫాస్ఫేట్ మిగులుతాయి. దీన్నే ఏటీపీ జలవిశ్లేషణ అంటారు. కండరం ముడుచుకోవడానికి, నాడీకణం సంకేతం పంపడానికి, కణం కొత్త ప్రొటీన్లు కట్టుకోవడానికి కావలసిన శక్తిలో ఎక్కువ భాగం ఈ చర్య నుంచే వస్తుంది. ఒక మోల్ ఏటీపీ ఇలా విడిపోతే 30.5 కిలోజౌళ్ల స్వేచ్ఛా శక్తి విడుదలవుతుందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. స్వేచ్ఛా శక్తి అంటే ఒక చర్య నుంచి పనికి మళ్లించుకోగలిగిన గరిష్ఠ శక్తి. కానీ మన ఎర్ర రక్త కణంలో ఇదే చర్య సుమారు 52 కిలోజౌళ్లు ఇస్తుంది. విశ్రాంతిగా ఉన్న కండరంలో 60 కూడా దాటుతుంది. చర్య ఒకటే, అణువులూ అవే. తేడా అంతా అవి ఎంతెంత గాఢతలో ఉన్నాయన్న దానిలోనే ఉంది.

30.5 అనేది ప్రామాణిక విలువ. ఉష్ణోగ్రత 25 డిగ్రీల సెల్సియస్, పీహెచ్ 7, ద్రావణంలో ఏటీపీ, ఏడీపీ, ఫాస్ఫేట్ మూడూ లీటరుకు ఒక్కో మోల్ చొప్పున, అంటే 1 మోలార్ గాఢతలో ఉన్నాయనుకుని కట్టిన లెక్క ఇది. వేర్వేరు చర్యలను ఒకే కొలబద్దతో పోల్చడానికి రసాయన శాస్త్రజ్ఞులు పెట్టుకున్న ఒప్పందమే తప్ప, ఏ జీవకణంలోనూ ఇలాంటి పరిస్థితి ఉండదు. కణంలో ఈ పదార్థాల గాఢతలు మిల్లీమోలార్లలో ఉంటాయి. మిల్లీమోలార్ అంటే మోలార్‌లో వెయ్యో వంతు.

చర్యలో పాల్గొనే పదార్థాల కంటే పుట్టే పదార్థాలు తక్కువగా ఉంటే, ఆ చర్య మరింత బలంగా ముందుకు సాగుతుంది. ఎంత బలంగా అన్నది ఈ సూత్రం చెబుతుంది:

ΔG = ΔG°′ + RT ln([ADP][Pi]/[ATP])

ఇందులో ΔG కణంలోని అసలు స్వేచ్ఛా శక్తి మార్పు, ΔG°′ ప్రామాణిక విలువ. R వాయు స్థిరాంకం, T కెల్విన్లలో ఉష్ణోగ్రత. 25 డిగ్రీల దగ్గర RT విలువ మోల్‌కు 2.48 కిలోజౌళ్లు. చదరపు కుండలీకరణాల్లో ఉన్నవి మోలార్లలో గాఢతలు. శక్తి విడుదలయ్యే చర్యకు ΔG ముందు రుణ గుర్తు ఉంటుంది కాబట్టి ప్రామాణిక విలువను −30.5 అని రాస్తారు.

ఇప్పుడు ఎర్ర రక్త కణాన్ని తీసుకోవచ్చు. అందులో ఏటీపీ సుమారు 2.25, ఏడీపీ 0.25, ఫాస్ఫేట్ 1.65 మిల్లీమోలార్లు ఉంటాయి. వీటిని మోలార్లలోకి మార్చి సూత్రంలో వేస్తే, కుండలీకరణంలోని భాగం 0.000183 అవుతుంది. దాని సహజ సంవర్గమానం −8.6. దాన్ని 2.48తో గుణిస్తే −21.3 వస్తుంది. −30.5కు ఇది తోడైతే మొత్తం సుమారు −52 కిలోజౌళ్లు.

ఆ అదనపు 21.3 కిలోజౌళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో విడదీసి చూస్తే ఒక ఆసక్తికరమైన సంగతి బయటపడుతుంది. ఏడీపీ కంటే ఏటీపీ తొమ్మిది రెట్లు ఎక్కువగా ఉండటం వల్ల వచ్చింది 5.4 కిలోజౌళ్లు మాత్రమే. మిగిలిన 15.9 కిలోజౌళ్లూ ఫాస్ఫేట్ గాఢత 1 మోలార్‌కు బదులు 1.65 మిల్లీమోలార్లే ఉండటం వల్ల వచ్చాయి. అంటే తేడాలో దాదాపు ముప్పాతిక భాగం కేవలం పలచదనం నుంచి పుట్టింది. ఒక అణువు రెండుగా విడిపోయే చర్య ఇది. ద్రావణం పలచబడే కొద్దీ విడిపోయిన ముక్కలు మళ్లీ ఎదురుపడి కలిసే అవకాశం తగ్గిపోతుంది కాబట్టి విడిపోవడమే బలపడుతుంది.

ఫ్రిట్జ్ లిప్‌మాన్ 1941లో ఏటీపీ వంటి అణువుల గురించి రాస్తూ అధిక శక్తి గల ఫాస్ఫేట్ బంధం అన్న మాటను ప్రచారంలోకి తెచ్చాడు. దాంతో శక్తి అంతా ఆ బంధంలోనే దాగి ఉంటుందని, బంధం తెగగానే బయటికొస్తుందని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. ఏ బంధాన్ని తెంచాలన్నా శక్తి ఖర్చవుతుందే గానీ రాదు. చర్య మొత్తం ఎంత శక్తి ఇస్తుందన్నది సమతాస్థితికి అది ఎంత దూరంలో ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఎర్ర రక్త కణంలోని ఫాస్ఫేట్ గాఢత అలాగే ఉండి ఈ చర్య సమతాస్థితికి చేరితే, ఒక్కో ఏటీపీ అణువుకు సుమారు 13 కోట్ల ఏడీపీ అణువులు ఉండాలి. కణంలో ఉన్నది దానికి పూర్తిగా తలకిందులు: ఒక్కో ఏడీపీకి తొమ్మిది ఏటీపీలు. గ్లూకోజ్‌ను విడగొడుతూ కణం ఈ దూరాన్ని ఎప్పటికప్పుడు నిలబెట్టుకుంటుంది. ఆ పని ఆగి చర్య సమతాస్థితికి చేరితే, మిగిలిన ఏటీపీ నుంచి పని చేయించుకోగల శక్తి సున్నా.

ఈ అదనపు శక్తి లేకపోతే కణానికి గడవదు. దాదాపు ప్రతి జంతు కణం పొరలోనూ ఉండే సోడియం–పొటాషియం పంపు ఒక్కో ఏటీపీని ఖర్చు చేసి మూడు సోడియం అయాన్లను బయటికి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తోస్తుంది. సోడియం లోపల 12, బయట 145 మిల్లీమోలార్లు, పొటాషియం లోపల 140, బయట 4 మిల్లీమోలార్లు, పొరకు ఇరువైపులా విద్యుత్ తేడా 70 మిల్లీవోల్టులు (లోపలి వైపు రుణం) అనుకుందాం. చాలా కణాల్లో కొంచెం అటూ ఇటూగా ఉండే విలువలివి. 37 డిగ్రీల దగ్గర మూడు మోల్‌ల సోడియంను బయటికి నెట్టడానికి సుమారు 39.5 కిలోజౌళ్లు, రెండు మోల్‌ల పొటాషియంను లోపలికి తేవడానికి 5 కిలోజౌళ్లు కావాలి. మొత్తం 44 పైచిలుకు. ఒక మోల్ ఏటీపీ నుంచి 30.5 మాత్రమే వస్తే ఈ పంపు ముందుకు నడవడం అసాధ్యం. 52 వస్తోంది కాబట్టే నడుస్తోంది.

కండరానికి ఇదే లెక్క కట్టాలంటే మరో చిక్కు ఉంది. సూత్రంలో వేయాల్సింది ద్రవంలో స్వేచ్ఛగా తిరిగే ఏడీపీ గాఢతను మాత్రమే. కండర తంతువుల్లోని ఆక్టిన్ ప్రొటీన్ తన ప్రతి ఉపఅణువుకూ ఒక ఏడీపీని గట్టిగా పట్టుకుని ఉంటుంది. కండరాన్ని ఆమ్లంలో నలిపి కొలిచినప్పుడు ఈ బంధిత ఏడీపీ కూడా విడుదలై లెక్కలోకి వచ్చేస్తుంది. అలా కొలిస్తే ఏడీపీ సుమారు 0.9 మిల్లీమోలార్లు కనిపిస్తుంది. ఆమ్లం ఫాస్ఫేట్ లెక్కనూ చెడగొడుతుంది. కండరంలో నిల్వ ఉండే ఫాస్ఫోక్రియాటిన్ ఆమ్లంలో తేలిగ్గా విడిపోతుంది కాబట్టి దాని ఫాస్ఫేట్ అకర్బన ఫాస్ఫేట్‌లో కలిసిపోతుంది.

ఈ రెండో చిక్కు వెనక ఒక తెలుగు శాస్త్రజ్ఞుడి కృషి ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫేట్‌ను నీలి రంగు ద్వారా కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించాడు. కండరం సారంలో ఆ రంగు రావాల్సిన దానికంటే ఆలస్యంగా చిక్కబడటాన్ని వారిద్దరూ గమనించారు. కారణం వెతుకుతూ పోగా, పరీక్ష జరుగుతుండగానే విడిపోతున్న ఫాస్ఫోక్రియాటిన్ 1927లో బయటపడింది. అంతకుముందు అది అకర్బన ఫాస్ఫేట్‌గానే లెక్కకు వచ్చేది.

స్వేచ్ఛగా ఉన్న ఏడీపీని తెలుసుకునే దారి కూడా ఫాస్ఫోక్రియాటిన్ దగ్గరే దొరుకుతుంది. క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైమ్ ఫాస్ఫోక్రియాటిన్ మీది ఫాస్ఫేట్‌ను ఏడీపీకి అందించి ఏటీపీని తయారు చేస్తుంది. విశ్రాంతి కండరంలో ఈ చర్య సమతాస్థితికి చాలా దగ్గరగా ఉంటుంది. అందువల్ల మిగతా పదార్థాల గాఢతలు తెలిస్తే ఏడీపీని లెక్కించవచ్చు. కండరాన్ని కోయకుండా, ఫాస్ఫరస్ ఎన్ఎంఆర్ యంత్రంతో బయటి నుంచే ఏటీపీ, ఫాస్ఫోక్రియాటిన్, ఫాస్ఫేట్‌లను కొలుస్తారు. ఫాస్ఫేట్ సంకేతం ఉన్న చోటును బట్టి పీహెచ్ కూడా తెలుస్తుంది. ఏటీపీ 8, ఫాస్ఫోక్రియాటిన్ 33, క్రియాటిన్ 9 మిల్లీమోలార్లు, పీహెచ్ 7 అయితే, స్వేచ్ఛగా ఉన్న ఏడీపీ 0.013 మిల్లీమోలార్లే అని తేలుతుంది. ఆమ్లంలో నలిపి కొలిచిన దానిలో ఇది డెబ్బయ్యో వంతు. ఫాస్ఫేట్ 3 మిల్లీమోలార్లు అనుకుంటే ఏటీపీ శక్తి మోల్‌కు సుమారు 62 కిలోజౌళ్లు. పొరపాటున 0.9 వేసుకుంటే 51 దగ్గరే ఆగిపోయేది.

ఇప్పుడు అదే కండరం తీవ్రంగా పనిచేసిందనుకుందాం. ఫాస్ఫోక్రియాటిన్ 33 నుంచి 8కి పడిపోతుంది. దాని నుంచి విడిపోయిన ఫాస్ఫేట్ పోగుపడి 28కి చేరుతుంది. పీహెచ్ 6.6కు దిగితే స్వేచ్ఛగా ఉన్న ఏడీపీ సుమారు 0.08 మిల్లీమోలార్లు అవుతుంది. ఏటీపీ మాత్రం 8 దగ్గరే ఉంటుంది. ఏటీపీ ఒక్కదాన్నే కొలిచేవారికి ఏ లోటూ కనిపించదు. సూత్రంలో వేస్తే మాత్రం శక్తి 62 నుంచి 52కు దిగిపోయిందని తెలుస్తుంది. కండరం వదులవడానికి కాల్షియాన్ని తిరిగి నిల్వ అరల్లోకి పంపే పంపు, ఒక్కో ఏటీపీతో రెండు కాల్షియం అయాన్లను పదివేల రెట్ల తేడాకు ఎదురు నెడుతుంది. దానికి కనీసం 47 కిలోజౌళ్లు కావాలి. 62 ఉన్నప్పుడు చేతిలో ఉన్న 15 కిలోజౌళ్ల మిగులు ఇప్పుడు ఐదుకు తగ్గింది. అలసిన కండరం వదులవడానికి ఎక్కువసేపు పట్టడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

ఈ లెక్కలన్నీ అంచనాలే. కణంలో ఏటీపీ ఎక్కువగా మెగ్నీషియంతో జతకట్టి ఉంటుంది. మెగ్నీషియం, పీహెచ్, ఉష్ణోగ్రత మారితే ప్రామాణిక విలువే కొన్ని కిలోజౌళ్లు అటూ ఇటూ అవుతుంది. అందుకే కొన్ని పుస్తకాల్లో 30.5కు బదులు 32 కనిపిస్తుంది. అయితే ఈ సవరణలు గాఢతల వల్ల వచ్చే 20, 30 కిలోజౌళ్ల తేడా ముందు చిన్నవి. కాబట్టి ఏటీపీ ఎంత శక్తినిస్తుందన్న ప్రశ్నకు ఒకే అంకె జవాబు కాదు. ఏ కణం, ఆ క్షణంలో అందులో స్వేచ్ఛగా ఉన్న ఏటీపీ, ఏడీపీ, ఫాస్ఫేట్ ఎంత అన్నవి తెలిస్తేనే జవాబు చెప్పగలం.