మల్లె మొక్క ఎంతండి? రేటు చెప్పాకే అసలు మాట మొదలవుతుంది

ఈ ఎపిసోడ్ ముఖ్యంగా మన కడియం నర్సరీల్లో కస్టమర్లతో మాట్లాడే కుర్రాళ్ళ కోసం. వేరేవి అమ్మేవాళ్ళు కూడా చూడొచ్చు.

కడియపులంకలో రోడ్డుకి రెండు పక్కలా నర్సరీలే కదా. మీ దగ్గర లేని మొక్క పక్క గేటులో దొరుకుతుంది. బలవంతం చేస్తే కస్టమర్ ఆ గేటులోకే వెళ్ళిపోతారు. అందుకే ఇక్కడ మాటే ముఖ్యం.

ఒక కేసు అనుకుందాం. రాజమండ్రి నుంచి ఒకావిడ వచ్చి "మల్లె మొక్క ఎంతండి?" అన్నారు. మీరు "150 అండి" అన్నారు. రేటు దాచొద్దు, దాస్తే అనుమానం వస్తుంది. కానీ చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఆవిడ "ఎక్కువ చెప్తున్నారు" అంటారు, ఇక బేరమే. రేటు చెప్పిన వెంటనే ఒక ప్రశ్న అడగండి.

"ఎక్కడ పెడదామనుకుంటున్నారండి?"

"బాల్కనీలోనండి, మూడో ఫ్లోరు."

"అక్కడ ఎండ ఎప్పటి నుంచి ఎప్పటి దాకా పడుతుందండి?"

ఈ ప్రశ్న ఎలా అడిగామో చూడండి. "ఎండ బాగా వస్తుందా?" అంటే అందరూ "వస్తుంది" అనే అంటారు. టైమ్ అడిగితేనే నిజం బయటికొస్తుంది.

"పొద్దున్న 8 దాకా ఉంటుందండి. తర్వాత ఎదురు బిల్డింగ్ అడ్డం."

"ఇంతకు ముందు మల్లె పెంచారా అండి?"

ఇక్కడ మీరు నోరు మూసుకుని ఉండాలి. ఆవిడ ఆలోచించుకునే రెండు మూడు సెకన్లలో "ఇది కొత్త వెరైటీ అండి" అని దూరేశారంటే అసలు సంగతి పోయినట్టే.

"పెట్టామండి. ఆకులు బోలెడు వచ్చాయి, ఒక్క పువ్వు పూయలేదు."

ఇదీ అసలు సంగతి! "ఎక్కువ" అన్న మాట వెనక ఉన్నది 150 రూపాయలు కాదు. మళ్ళీ పూయదేమో అన్న భయం. మల్లెకి రోజుకి కనీసం 5, 6 గంటల నేరుగా పడే ఎండ కావాలి. నీడలో ఆకులేస్తుంది, పువ్వు పూయదు. ఎరువు డబ్బా అంటగట్టినా పూయదు.

"పువ్వులు దేనికండి, తల్లోకా?" "పూజకండి." అప్పుడు దారి దొరికింది. "అక్కడ మల్లె పూయదండి. నందివర్ధనం కొంచెం నీడని ఓర్చుకుంటుంది. ఎండలో పూసినంత పూయదు గానీ, పూజకి నాలుగు పువ్వులు ఇస్తుంది. డాబా మీద కుండీ పెట్టుకునే వీలుంటే మాత్రం మల్లే తీసుకోండి."

నీల్ రాకమ్ అనే ఆయన బృందం ఏకంగా 35,000 సేల్స్ సంభాషణలు గమనించింది. 1988లో వచ్చిన ఆయన 'స్పిన్ సెల్లింగ్' పుస్తకం చెప్పేది ఏంటంటే, అవసరం తెలుసుకోకుండా పరిష్కారం చెప్పేస్తే అభ్యంతరాలు పెరుగుతాయి. ఆయన చూసింది పెద్ద పెద్ద అమ్మకాలండోయ్, 150 రూపాయల కుండీ కాదు. అయినా మన ఆవిడ విషయంలో అదే కనిపించింది కదా.

ఇప్పుడు అభ్యంతరాలు. "మా వీధిలో బండి మీద 80కే ఇస్తున్నాడు" అన్నారనుకోండి. "అవి చచ్చిపోతాయండి" అనకండి, మీరు చూడలేదు కదా. "కవరు ఎంత సైజండి? మొక్క ఎంత ఎత్తుంది?" అని అడగండి. మీ మొక్క మొదలు పట్టుకుని మెల్లగా పైకి లాగి చూపించండి. వేరు పట్టిన మొక్క మట్టితో సహా కదులుతుంది. నిన్నో మొన్నో కవర్లో గుచ్చిందైతే వదులుగా పైకొచ్చేస్తుంది. "ఇలా చూసి, అదీ గట్టిగా ఉంటే అక్కడే కొనండి" అనండి. పోతే ఒక మొక్క పోతుంది. కానీ డాబా తోట వేయాలనుకున్న రోజు ఆవిడకి గుర్తొచ్చేది మీరే.

"ఇంట్లో అడిగి చెప్తానండి" అంటే ఒక్కసారి అడగొచ్చు: "ఆయ్, అలాగేనండి. రేటు గురించా, చోటు గురించా?" చోటు అంటే, మధ్యాహ్నం 12కి బాల్కనీ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపమనండి. రేటు అంటే, చిన్న కవరు మొక్క ఎంతో చెప్పండి. "ఇవ్వాళే ఆఫర్, రేపుండదు" అనొద్దు. వరసల్లో వందల మొక్కలు ఆవిడ కళ్ళెదురుగానే ఉన్నాయి, ఎవరు నమ్ముతారు?

రెండు గుర్తులు చూసుకోండి. ఒకే అభ్యంతరం రెండోసారి వచ్చిందంటే మీ జవాబు దాన్ని తాకలేదన్నమాట. గొంతు పెంచి అదే చెప్పకుండా, ఇంకో ప్రశ్న అడగండి. అదే ఆవిడ "దీనికి నీళ్ళు రోజూ పొయ్యాలా?" అన్నారంటే, మనసులో మొక్కని అప్పుడే బాల్కనీలో పెట్టేసుకున్నారు. అక్కడ ఇంకా గుణగణాలు చెప్పకండి. వేలు మట్టిలో పెట్టి చూసి, తడి తగలకపోతేనే పొయ్యమని చెప్పి, కుండీకి అడుగున కన్నం ఉందో లేదో అడగండి.