ఆవర్జా పుట లోపించిన అంకణా సమస్య

జంటపద్దు విధానంలో వ్యవహారాలను మొదట చిట్టాలో రాసి, అక్కడినుండి ఆవర్జాలోని ఆయా ఖాతాలకు నమోదు చేస్తారు. ఆ ఖాతాల నిల్వల పట్టికయే అంకణా. కొన్ని అభ్యాసాలలో ప్రారంభపు నిల్వలు గల ఆవర్జా పుటను బొమ్మగా ఇస్తారు. ఆ బొమ్మ లోపిస్తే, చిట్టాపద్దుల ద్వారా ఖాతాలలో కలిగిన మార్పు మాత్రమే తెలుస్తుంది, నిల్వ తెలియదు.

'''ఉదాహరణ'''

ఒక వ్యాపారి ఏప్రిల్ నెల వ్యవహారాలు ఇవి అనుకుందాం:
* అరువుపై సరుకు కొనుగోలు రూ. 12,000
* నగదు అమ్మకాలు రూ. 9,000
* ఋణదాతలకు నగదు చెల్లింపు రూ. 5,000
* అద్దె చెల్లింపు రూ. 1,500

వీటితోనే అంకణా తయారుచేస్తే డెబిట్ వైపు నగదు 2,500, కొనుగోళ్ళు 12,000, అద్దె 1,500 వచ్చి మొత్తం 16,000 అవుతుంది. క్రెడిట్ వైపు ఋణదాతలు 7,000, అమ్మకాలు 9,000 కలిపి అదే 16,000. అంకణా సరిపోయింది, కాని సమాధానం తప్పు. ప్రతి చిట్టాపద్దులోను రెండు వైపులా సమాన మొత్తాలే ఉంటాయి కనుక, ప్రారంభపు నిల్వలన్నింటినీ వదలివేసినా అంకణా సమానంగానే వస్తుంది. మూలధనం ఖాతా కనిపించకపోవడమే ఇక్కడ లోపాన్ని పట్టి ఇచ్చే గుర్తు.

'''కావలసిన అంకెలు'''

ప్రతి ఖాతా ప్రారంభపు నిల్వ, అది డెబిట్ నిల్వయా క్రెడిట్ నిల్వయా అన్నది తెలియాలి. పై వ్యాపారికి ఏప్రిల్ 1న నగదు 10,000, సరుకు 15,000, ఋణదాతలు 5,000, మూలధనం 20,000 ఉన్నాయనుకుంటే, నెలాఖరు అంకణా ఇలా ఉంటుంది:

{| class="wikitable"
! ఖాతా !! డెబిట్ (రూ.) !! క్రెడిట్ (రూ.)
|-
| నగదు || 12,500 ||
|-
| ప్రారంభపు సరుకు || 15,000 ||
|-
| కొనుగోళ్ళు || 12,000 ||
|-
| అద్దె || 1,500 ||
|-
| ఋణదాతలు || || 12,000
|-
| అమ్మకాలు || || 9,000
|-
| మూలధనం || || 20,000
|-
| మొత్తం || 41,000 || 41,000
|}

'''లోపించిన అంకెను రాబట్టడం'''

ఒక ఖాతా ముగింపు నిల్వ మరొకచోట ఇచ్చి ఉంటే వెనుకకు లెక్కించవచ్చును. ముగింపు నగదు 12,500 నుండి నెలలోని నికర పెరుగుదల 2,500 తీసివేస్తే ప్రారంభపు నగదు 10,000 వస్తుంది.

మూలధనం ఒక్కటే తెలియకపోతే 41,000 నుండి మిగిలిన క్రెడిట్లు 21,000 తీసివేయాలి. అయితే ఇలా భేదంతో నింపిన అంకణా ఇక దేనికీ రుజువు కాదు. కొనుగోళ్ళ ఖాతాలో 12,000 కు బదులు పొరపాటున 11,000 నమోదు చేస్తే, మూలధనం 19,000 గా వచ్చి తప్పు మరుగున పడిపోతుంది.

మూలధనం, ఋణదాతలు రెండింటి ప్రారంభపు నిల్వలూ లోపిస్తే వాటి మొత్తం 25,000 అని మాత్రమే తేలుతుంది. వాటిలో ఒకటైనా ఇవ్వనిదే ఆ సమస్యకు ఏకైక సమాధానం లేదు.