శనగ అదే, తిండి వేరు

సాయంత్రం నాలుగయ్యేసరికి హైటెక్ సిటీ ఐటీ కంపెనీలోనైనా, విజయవాడ బ్యాంకు శాఖలోనైనా జరిగేది ఒకటే. టీ వస్తుంది, బిస్కెట్ ప్యాకెట్ చిరుగుతుంది. ఆరున్నరకు ఎవరో కిందికి దిగి మిర్చి బజ్జీల పొట్లం పట్టుకొస్తారు. రాత్రి ఇంటికెళ్లాక ‘ఆకలి లేదు’ అంటూనే పెరుగన్నంతో సరిపెట్టేస్తారు.

నాలుగు మారీ బిస్కెట్లు తింటే దాదాపు 100 కేలరీలు అందుతాయి. అందులో ప్రొటీన్ రెండు గ్రాములు కూడా ఉండదు. మిగిలిందంతా మైదా, చక్కెర, కొంత నూనె. అందుకే గంట తిరక్కుండానే చెయ్యి మళ్లీ ప్యాకెట్‌లోకి వెళ్తుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, ఐసీఎంఆర్ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం 65 కిలోల పురుషుడికి రోజుకు 54 గ్రాముల ప్రొటీన్ కావాలి. 55 కిలోల మహిళకు 46 గ్రాములు. మధ్యాహ్నం చిక్కటి పప్పు కప్పు తిన్నా ఆరేడు గ్రాములే వస్తుంది. క్యాంటీన్ పప్పు ఎంత చిక్కగా ఉంటుందో తినేవారికి తెలియంది కాదు.

బజ్జీల సంగతి ఇంకా విచిత్రం. వాటి పైపూత శనగపిండిదే. పకోడీ, కారప్పూస కూడా శనగ సంతానమే. అంటే ఆఫీసులో చాలామంది రోజూ శనగ తింటూనే ఉన్నారు. కాకపోతే దానిలోని ప్రొటీన్ కంటే అది పీల్చుకున్న నూనెలోని కేలరీలే ఎక్కువగా ఒంటికి పడుతున్నాయి.

అదే శనగను నూనె లేకుండా తింటే లెక్క మారిపోతుంది. బట్టీలో వేడి ఇసుకలో వేయించిన శనగలైనా, పొట్టు తీసిన పుట్నాలైనా గుప్పెడు 30 గ్రాములు తూగుతాయి. అందులో ప్రొటీన్ ఆరు గ్రాముల దాకా ఉంటుంది, కేలరీలు 110 పైచిలుకు. నాలుగు బిస్కెట్లకూ దీనికీ కేలరీల్లో పెద్ద తేడా లేదు, ప్రొటీన్ మాత్రం మూడింతలు. పొట్టుతో ఉన్నవైతే పీచు కూడా కలిసొస్తుంది. డ్రాయర్‌లో డబ్బాకెత్తి పెడితే వారాల తరబడి చెడిపోవు. మసాలా పట్టించిన ప్యాకెట్లలో ఉప్పు ఎక్కువ, కొన్నిటిని నూనెలో వేయిస్తారు కూడా. వాటికంటే విడిగా తూచి ఇచ్చే ఉత్త శనగలే నయం.

పొడి తిండి గొంతు దిగనివారికి గుగ్గిళ్లున్నాయి, తెలంగాణలో గుడాలంటారు. 50 గ్రాముల ఎండు శనగలు ఉడికితే రెట్టింపు తూకమై చిన్న డబ్బా నిండుతాయి. అందులో ప్రొటీన్ తొమ్మిది గ్రాముల వరకూ ఉంటుంది. రాత్రి నానబెట్టి, పొద్దున ఆ నీళ్లు పారబోసి కొత్త నీళ్లలో ఉడికిస్తే కడుపుబ్బరం తగ్గుతుంది. కుక్కర్‌లో నాలుగైదు విజిళ్లు చాలు. ఒక గింజను రెండు వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా అణగాలి, పొట్టు మాత్రం ఊడకూడదు. చెంచాడు నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు వేస్తే సరి.

చాలామంది గుగ్గిళ్లు మానేసేది రుచి నచ్చక కాదు, సాయంత్రానికి పాడైపోతున్నాయని. వేడివేడిగా డబ్బాలో పోసి మూత బిగిస్తే ఆవిరి నీరై గింజల మీదికే దిగుతుంది. ఎండాకాలంలో నాలుగింటికల్లా జిగురు పట్టి పులిసిన వాసన వేస్తుంది. అలాంటివి పారేయాల్సిందే. తడి లేకుండా ఆరబెట్టి, పూర్తిగా చల్లారాకే మూత పెట్టాలి. కొబ్బరి, ఉల్లిపాయ పొద్దున్నే కలపకూడదు. నిమ్మరసం, తరిగిన ఉల్లి తినబోయే ముందు కలుపుకోవచ్చు. ఆఫీసులో ఫ్రిజ్ ఉంటే డబ్బా అందులో పెట్టేయడమే మంచిది.

ఇప్పుడు ‘ప్రొటీన్’ అని పెద్దక్షరాల్లో రాసుకున్న బిస్కెట్లు, బార్లు దుకాణాల్లో వరుస కట్టాయి. ముందువైపు రాత వదిలేసి వెనకనున్న పట్టిక చూడాలి. వంద కేలరీలకు ఐదు గ్రాముల ప్రొటీన్ కూడా లేకపోతే అది మామూలు బిస్కెట్ కిందే లెక్క. ఈ పరీక్షలో ఉడికించిన గుడ్డు సునాయాసంగా నెగ్గుతుంది: 75 కేలరీలకే ఆరు గ్రాములు. పల్లీలు కొద్దిలో తప్పిపోతాయి. గుప్పెడు పల్లీల్లో ఏడు గ్రాముల ప్రొటీన్ ఉన్నా కొవ్వు వల్ల కేలరీలు 170 దాకా ఉంటాయి. తినకూడదని కాదు, పొట్లం ముందు పెట్టుకుని సినిమా చూసినట్టు తినకూడదు. రంగు మారిన, ముడుచుకుపోయిన, చేదు తగిలిన పల్లీని ఉమ్మేయాలి. దానికి బూజు విషం పట్టి ఉండొచ్చు.

శనగలో మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. ఆ లోటును అన్నం, జొన్నరొట్టె తీరుస్తాయి. రెండూ ఒకే పూట తినాలనేం లేదు, ఆ రోజులో ఎప్పుడు తిన్నా చాలు.

కిడ్నీ జబ్బుకు మందులు వాడుతున్నవారు మాత్రం గుడ్డయినా గుగ్గిళ్లయినా డాక్టరు చెప్పిన కొలత దాటకూడదు. మిగతావారు ఈ వారం సరుకుల చీటీలో రెండు బిస్కెట్ ప్యాకెట్లు కొట్టేసి, అర కిలో వేయించిన శనగలు రాసుకోండి.