మదుపరులకు నెలనెలా రాసే ఉత్తరం

చిన్న స్టార్టప్ నడిపేవారు తమ కంపెనీలో డబ్బు పెట్టినవారికి నెలకోసారి ఈమెయిల్‌లో పంపే ఉత్తరాన్ని ఇన్వెస్టర్ అప్‌డేట్ అంటారు. గడిచిన నెలలో ఎంత అమ్మారు, ఎంత ఖర్చయింది, బ్యాంకులో ఎంత మిగిలింది, ఎక్కడ దెబ్బ తగిలింది, ఏ సాయం కావాలి అన్నవి అందులో ఉంటాయి. రెండు మూడు నిమిషాల్లో ఫోనులో చదివి ముగించగలిగినంత ఉంటే చాలు. కొత్త నెల పదో తేదీలోపు పంపడం మంచి పద్ధతి. ఆలస్యమైతే అందులోని కబుర్లు పాతబడతాయి.

ఇలాంటి ఉత్తరం నెలనెలా రాయాలని మన కంపెనీల చట్టం చెప్పదు. వాటాదారులకు ఏడాదికోసారి ఆడిట్ చేసిన లెక్కలు అందితే చట్టానికి సరిపోతుంది. పెట్టుబడి పెట్టేటప్పుడు రాసుకునే వాటాదారుల ఒప్పందంలో మాత్రం సాధారణంగా సమాచార హక్కుల షరతు ఒకటి ఉంటుంది. నెల ముగిశాక ఇన్ని రోజుల్లో లెక్కలు పంపాలని అది చెబుతుంది. ఆ షరతు అడిగేది అంకెల పట్టికనే. ఆ అంకెలు ఎందుకు అలా ఉన్నాయో చెప్పే పని ఉత్తరానిది. తిప్పలన్నీ అక్కడే.

ఉదాహరణకు హైదరాబాద్‌లో మందుల షాపులకు బిల్లింగ్, స్టాకు లెక్కల సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఒక చిన్న కంపెనీని ఊహించుకోవచ్చు. ఉద్యోగులు పదకొండు మంది. ఒక్కో షాపు నెలకు 1,000 రూపాయల చందా కడుతుంది. సెప్టెంబరు మొదట్లో 640 షాపులు ఉన్నాయి. ఆ నెలలో 70 కొత్తగా చేరాయి, 38 మానేశాయి, చివరికి 672 మిగిలాయి. నెల మొదట్లో కంపెనీ దగ్గర 64 లక్షలు ఉన్నాయి. నెల చందాలు 6 లక్షల 20 వేలు వసూలయ్యాయి. కొత్తగా చేరినవాటిలో 25 షాపులు ఏడాది చందా ఒకేసారి కట్టడంతో మరో 3 లక్షలు వచ్చాయి. ఖర్చు 14 లక్షల 20 వేలు. నెలాఖరుకు 59 లక్షలు మిగిలాయి.

ఉత్తరంలో మొదట రాయాల్సింది ఈ 59 లక్షల సంగతే. పెట్టుబడి పెట్టినవారు అన్నిటికంటే ముందు వెతికేది ఈ డబ్బు ఎన్ని నెలలు వస్తుందన్న లెక్కను. దాన్ని రన్‌వే అంటారు. లెక్క తేలికే: మిగిలిన డబ్బును నెలకు తరిగిపోయే డబ్బుతో భాగించాలి. ఏం తరిగిందన్న దగ్గరే మాయ జరుగుతుంది. 64 లక్షలు 59 అయ్యాయి కాబట్టి తరిగింది 5 లక్షలే అని రాస్తే రన్‌వే పన్నెండు నెలలకు దగ్గరగా కనిపిస్తుంది. కానీ ముందస్తుగా వచ్చిన ఆ 3 లక్షలు వచ్చే నెల రావు. ఆ 25 షాపులూ ఏడాది దాకా మళ్లీ పైసా కట్టవు. వాటిని పక్కన పెడితే నెలకు తరిగేది 8 లక్షలు, రన్‌వే ఏడు నెలల పైచిలుకు. ఒకే బ్యాంకు ఖాతా, రెండు జవాబులు. రెండూ అబద్ధం కావు గానీ, మొదటిదాన్ని నమ్మి కొత్త మనుషుల్ని ఉద్యోగంలోకి తీసుకుంటే మే నెలలో జీతాలకు తడుముకోవాల్సి వస్తుంది.

ఇంకో చిన్న మెలిక జీఎస్‌టీ. పైన చెప్పినవన్నీ పన్ను తీసేసిన అంకెలు. చందా మీద 18 శాతం జీఎస్‌టీ కూడా షాపుల నుంచి వసూలై అదే ఖాతాలో పడుతుంది. నెలనెలా రిటర్ను వేసే కంపెనీ దాన్ని మరుసటి నెల 20వ తేదీలోపు ప్రభుత్వానికి కట్టాలి. నెలాఖరున బ్యాంకు స్టేట్‌మెంట్ చూస్తే 59 లక్షలకు మించి కనబడేది అందుకే. ఆ ఎక్కువ కంపెనీ సొమ్ము కాదు. స్టేట్‌మెంట్ అంకెను అలాగే ఉత్తరంలోకి దించేవారు తక్కువేమీ కాదు.

తర్వాత శుభవార్త. ఒకే నెలలో 70 షాపులు చేరడం ఈ కంపెనీకి ఇదే మొదటిసారి అనుకుందాం. దాన్ని దాచుకోనక్కర్లేదు, సిగ్గుపడనక్కర్లేదు. అయితే ఎలా వచ్చిందో చెప్పినప్పుడే ఆ వార్తకు విలువ. గడువు తీరబోయే మందుల జాబితాను వారం వారం వాట్సాప్‌లో పంపే సదుపాయం పెట్టాక ఒక షాపు యజమాని మరొకరికి చెప్పడం వల్ల సగం మంది చేరారనుకుంటే, అది వచ్చే నెల కూడా జరగవచ్చు. పండగ ఆఫర్ వల్ల చేరి ఉంటే జరగకపోవచ్చు. చదివేవారికి కావాల్సింది ఆ తేడా.

ఇక మానేసిన 38 షాపులు. నికరంగా 32 షాపులు పెరిగాయని రాసి ఊరుకుంటే ఈ అంకె కనబడకుండా పోతుంది. 640లో 38 అంటే నెలకు 6 శాతం. వినడానికి చిన్నదే. కానీ అదే వేగంతో ఏడాది సాగితే ఈరోజున్న షాపుల్లో సగం కూడా మిగలవు. అడుగున చిల్లు పడిన కుండలో నీళ్లు పోస్తున్నట్టే. కాబట్టి మంచి ఉత్తరంలో చేరినవి, మానేసినవి విడివిడిగా ఉంటాయి. మానేసినవాటి వెనక కారణం కూడా ఉంటుంది. ఈ ఉదాహరణలో 38లో 26 షాపులు జూన్‌లో విజయవాడ డిస్ట్రిబ్యూటర్ ద్వారా మూడు నెలల సగం ధర ఆఫర్ మీద చేరినవి. ఆఫర్ అయిపోగానే వెళ్లిపోయాయి. అంటే జూన్ ఉత్తరంలో ఘనంగా చెప్పుకున్న పెరుగుదలలో కొంత నిజమైనది కాదు. సెప్టెంబరు ఉత్తరంలో ఆ మాట ఒప్పుకోవాలి. రాయడానికి అన్నిటికంటే చేతులు రానిది ఈ వాక్యమే.

అసలు చెడ్డవార్త మరొకటి ఉంది. ఈ 672లో 96 షాపులు ఒకే గొలుసు సంస్థవి. నవంబరు ఆఖరుకు మానేస్తామని ఆ సంస్థ చెప్పింది. దీన్ని ఉత్తరంలో రెండు రకాలుగా రాయవచ్చు. మొదటి రకం: ‘ఒక పెద్ద కస్టమర్‌తో కొన్ని సవాళ్లు ఎదురయ్యాయి, పరిష్కరించే ప్రయత్నంలో ఉన్నాం.’ చదివినవారికి దీనివల్ల భయం మిగులుతుంది తప్ప సమాచారం దక్కదు. రెండో రకం ఇలా ఉంటుంది:

‘మా చందా రాబడిలో 14 శాతం ఇచ్చే గొలుసు సంస్థ నవంబరు 30 తర్వాత కొనసాగనని చెప్పింది. వాళ్లు అడిగిన గోదాము లెక్కల సదుపాయం జులైకల్లా ఇస్తామన్నాం, ఇవ్వలేకపోయాం. తప్పు మాదే. ఈ నెల 25కల్లా అది వాళ్ల చేతికి ఇస్తున్నాం. అయినా నిలుస్తారన్న నమ్మకం సగమే. వాళ్లు వెళ్లిపోతే నెలకు 96 వేలు తగ్గుతుంది. చేతిలోని డబ్బు మే రెండో వారం దాకా కాక ఏప్రిల్ చివరి వారం దాకానే వస్తుంది. అందుకే ఖాళీగా ఉన్న రెండు ఉద్యోగాలను భర్తీ చేయడం ఆపేశాం.’

ఇందులో సంతాపం లేదు, సాకులూ లేవు. ఎంత పోతుంది, ఎందుకు పోతోంది, ఏ తేదీలోపు ఏం చేస్తున్నారు, ఫలించకపోతే ఏమవుతుంది అన్నవి మాత్రం ఉన్నాయి. లెక్క వేయడం వల్ల ఇంకో సంగతీ బయటపడింది. 14 శాతం అంటే గుండె గుభేలుమంటుంది గానీ, రన్‌వేలో పోయేది మూడు వారాల లోపే. అసలు దెబ్బ మరోచోట తగులుతుంది. కొత్త పెట్టుబడి కుదరడానికి నెలలు పడుతుంది కాబట్టి ఆ ప్రయత్నం ఇప్పుడే మొదలుకావాలి. సరిగ్గా ఆ మాటలు నడిచే వేళకే పెద్ద కస్టమర్ వెళ్లిపోయాడన్న సంగతి బల్ల మీదికి వస్తుంది.

ఇంత బరువైన వార్తను ఉత్తరంలోనే మొదటిసారి చెప్పడం మర్యాద కాదు. ఎక్కువ పెట్టుబడి పెట్టినవారికి ముందు ఫోన్ చేసి చెప్పి, ఆ తర్వాత అందరికీ రాస్తారు. నిజాయతీ ఉచితంగా రాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఇలాంటి ఉత్తరం చదివి, వచ్చే విడతలో డబ్బు పెట్టకూడదని ఎవరైనా నిర్ణయించుకోవచ్చు. కానీ అదే సంగతి ఏప్రిల్‌లో తెలిస్తే అందరూ అదే నిర్ణయం తీసుకుంటారు.

సాయం అడిగే చోట కూడా ఉత్తరాలు తేలిపోతుంటాయి. ‘మీ సహకారం కావాలి’ అంటే ఎవరూ కదలరు. ‘యాభైకి మించి షాపులున్న మందుల గొలుసు సంస్థల్లో కొనుగోళ్లు చూసేవారు ఎవరైనా తెలిస్తే, ఈ నాలుగు వాక్యాల పరిచయాన్ని వారికి పంపగలరా’ అని అడిగితే చదివినవారిలో ఇద్దరు ముగ్గురైనా ఆ సాయంత్రమే పంపుతారు. విదేశాల్లో ఉండి ఇక్కడి స్టార్టప్‌లో డబ్బు పెట్టిన తెలుగువారికి కూడా చేయడానికి ఒక పని దొరుకుతుంది.

రాయకూడనివి కొన్ని ఉన్నాయి. ఈమెయిల్ ఎవరి నుంచి ఎవరికైనా వెళ్లగలదు. పెట్టుబడిదారుల్లో ఒకరికి పోటీ కంపెనీలోనూ వాటా ఉండవచ్చు. కాబట్టి కస్టమర్ల పేర్లు, ఉద్యోగుల జీతాలు, ఎవరిని ఎందుకు పంపేశారన్న వివరాలు ఇందులోకి రావు. దాచడానికీ పేరు రాయకపోవడానికీ తేడా ఉంది. 14 శాతం అన్న అంకె చెప్పాక ఆ సంస్థ పేరు చెప్పనక్కర్లేదు.

నమ్మకం చెడేది ఎక్కువగా కొలతలు మార్చినప్పుడు. పోయిన నెల దాకా డబ్బు కట్టే షాపునే కస్టమర్ అని లెక్కపెట్టి, ఈ నెల నుంచి ఉచితంగా వాడి చూస్తున్నవారినీ కలిపేస్తే గీత పైకి లేస్తుంది. మార్చాల్సి వస్తే మార్చామని చెప్పి, పాత కొలతలో ఎంతో కూడా పక్కనే రాయాలి. పోయిన నెల ఇచ్చిన మాటల్లో ఏది జరిగింది, ఏది జరగలేదు అన్నవి ప్రతి ఉత్తరంలో ఒకే చోట కనిపించాలి. అలవాటు పడ్డ పెట్టుబడిదారులు పాత ఉత్తరం తెరిచి పక్కన పెట్టుకుని చదువుతారు. ఎప్పుడూ ఉండే అంకె ఒకటి మాయమైతే మొదట పట్టుకునేది వాళ్లే. ఉత్తరమే రాకపోతే దాని అర్థం వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

కొలత మార్చడం ఎంత దూరం తీసుకెళ్తుందో అమెరికాలోని హెడ్‌స్పిన్ కంపెనీ కేసు చూపించింది. దాని వ్యవస్థాపకుడు మనీష్ లాచ్వానీ ఇంకా ఒప్పందం చేసుకోని సంస్థలను, వాడటం మానేసిన సంస్థలను కూడా రాబడిలో కలిపి పెట్టుబడిదారులకు చూపించారని 2021లో అభియోగాలు నమోదయ్యాయి. 2023లో ఆయన నేరం ఒప్పుకున్నారు. 2024లో కోర్టు ఏడాదిన్నర జైలుశిక్ష వేసింది.