మొదటి నెల తోడు

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో కొత్తగా చేరినవారికి తోడుగా పెట్టే సహోద్యోగిని బడ్డీ అంటారు. పనిని అంచనా వేసేది మేనేజర్. బడ్డీ ఆ పని నెత్తిన వేసుకుంటే, కొత్తవారు ప్రశ్నలు దాచుకోవడం మొదలుపెడతారు.

మొదటి వారం లాగిన్లతోనే గడిచిపోతుంది. ఏ అనుమతి ఎవరిని అడగాలో, రావడానికి ఎన్నాళ్లు పడుతుందో ముందే కాగితం మీద రాసివ్వండి. సెలవు ఎవరికి చెప్పాలి, ఏ మీటింగ్‌లో ఊరికే వింటే చాలు అన్నవి కూడా చెప్పాలి. ఇవి ఏ పత్రంలోనూ ఉండవు.

రెండో వారం ఒక చిన్న పని చివరిదాకా చేయించాలి. స్క్రీన్ మీద ఒక అక్షరదోషం దిద్దడం చాలు. కోడ్ మార్చడం, పరీక్షించడం, ఇంకొకరు సమీక్షించడం, విడుదల చేయడం: దారంతా ఒకసారి నడిచినట్టవుతుంది. కీబోర్డు మాత్రం కొత్తవారి చేతిలోనే ఉండాలి.

అసలు చిక్కు మూడో వారంలో. "అర్థమైందా?" అంటే "అయిందన్నా" అనే జవాబు వస్తుంది. దానికి బదులు "నిన్న చేసింది నాకొకసారి చూపించు" అనండి. ఎక్కడ తడబడ్డారో తెలిసిపోతుంది. రెండు రోజులుగా ఒకే పని, ఒక్క ప్రశ్నా లేదంటే ఎక్కడో ఇరుక్కున్నారనే అనుమానించాలి. అరగంట ప్రయత్నించాక అడగమని గడువు పెడితే మొహమాటం తగ్గుతుంది.

నాలుగో వారం, మీరు ఇచ్చిన ఆ కాగితంలో ఏది తప్పో వారినే దిద్దమనండి. తర్వాత వచ్చేవారికి అదే ఇవ్వొచ్చు.