రిజర్వు చేసిన ఇనుము ఎవరిది?

టోలిచౌకి గల్లీల్లో అపార్టుమెంటు కట్టే బిల్డరుకు ఇనుము కొనడం కంటే దింపుకోవడం కష్టం. నాలుగైదు వందల గజాల స్థలంలో పునాది గోతులు తీశాక 80 టన్నుల కడ్డీలు పేర్చడానికి చోటు మిగలదు. పగటిపూట భారీ లారీలపై నగరంలో ఆంక్షలున్నందున లోడు రాత్రివేళ రావాలి. ఆరుబయట నెలల తరబడి ఉంచితే తుప్పు, దొంగతనం రెండూ తప్పవు. అందుకే చాలామంది మొత్తం సరుకును డీలరు వద్దే రిజర్వు చేయించి, శ్లాబుకు ఒక లాటు చొప్పున విడిపించుకుంటామని అడుగుతారు. డీలరు సరేనంటాడు. అయితే ‘రిజర్వు’ అన్న మాటకు ఇద్దరూ ఒకే అర్థం చెప్పుకున్నారా అన్నది మూడో శ్లాబు నాటికి గాని తేలదు.

మూడు అర్థాలు

మొదటిది ధర బుకింగు. ధర ఖాయమవుతుంది గాని సరుకు విడిగా ఉండదు. డీలరు ఎప్పటికప్పుడు మిల్లు నుంచి తెప్పించి ఇస్తాడు.

రెండవది సరుకును పక్కన పెట్టడం. గోదాములో ఆ కట్టలను వేరు చేసి, గుర్తులు వేసి, జాబితా రాస్తారు. లాటు విడుదలై బిల్లు అయ్యే వరకు సరుకు డీలరుదేనని ఒప్పందంలో రాసుకుంటారు.

మూడవది పూర్తిగా అమ్మకం. మొత్తానికి బిల్లు వేసి, డబ్బు తీసుకుని, కొన్నవారి సరుకును డీలరు తన గోదాములో భద్రపరుస్తాడు. బిల్డరుకు ఇది గట్టి రక్షణ అనిపించినా 18 శాతం జీఎస్టీ మొత్తం సరుకుపై ముందే కట్టాలి. 2019 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన కొత్త పన్ను విధానంలో ఫ్లాట్లు కట్టి అమ్మేవారికి ఈ పన్ను తిరిగి సర్దుబాటు కాదు గనుక అది నేరుగా ఖర్చు కిందికే పోతుంది.

1930 నాటి సరుకుల విక్రయ చట్టం ప్రకారం, ఫలానా సరుకు అని గుర్తించనంత వరకు దాని యాజమాన్యం కొన్నవారికి రాదు. ‘80 టన్నులు రిజర్వు’ అని రసీదుపై రాసినంత మాత్రాన గోదాములోని ఏ కట్టా బిల్డరుది కాదు. పైగా డీలరు స్టాకు సాధారణంగా బ్యాంకు రుణానికి హామీగా ఉంటుంది. డీలరు చిక్కుల్లో పడితే, పక్కన పెట్టిన సరుకుపైన కూడా ముందు బ్యాంకే చేయి వేస్తుంది. మూడవ పద్ధతిలో బిల్లు అయిన సరుకును బ్యాంకుకు ఇచ్చే స్టాకు పట్టికలోంచి తీసివేశారా అన్నది చూసుకోవాలి.

అడ్వాన్సు ఎవరిని కట్టేస్తుంది?

లెక్క కోసం ఒక ఉదాహరణ తీసుకుందాం. స్టిల్టుపై ఐదంతస్తులు, 20,000 చదరపు అడుగులు. అడుగుకు సుమారు 4 కిలోల చొప్పున 80 టన్నులు కావాలి. పునాదులు, స్తంభాలకు తొలి లాటు 20 టన్నులు. ఆపై ఆరు శ్లాబులకు లాటుకు 10 టన్నులు. టన్ను 60,000 రూపాయలనుకుంటే సరుకు విలువ 48 లక్షలు, 10 శాతం అడ్వాన్సు 4.80 లక్షలు. ఈ అడ్వాన్సును టన్నుకు 6,000 చొప్పున ప్రతి లాటులోనూ తగ్గిస్తారు. 10 టన్నుల లాటు విలువ 6 లక్షలు. అందులో అడ్వాన్సు 60,000 పోగా 5.40 లక్షలు, 6 లక్షలపై పన్ను 1.08 లక్షలు, వెరసి 6.48 లక్షలు చెల్లించి లాటు ఎత్తుకోవాలి.

మూడు లాట్లు పోయి 40 టన్నులు మిగిలాయి. డీలరు చేతిలో 2.40 లక్షల అడ్వాన్సు ఉంది. బజారు 54,000కు పడితే, మిగతా సరుకును బయట కొంటే బిల్డరుకు 2.40 లక్షలు మిగులుతాయి. వదులుకునే అడ్వాన్సూ అంతే. ధర ఇంకా దిగితే అడ్వాన్సు అతన్ని ఆపలేదు. ధర 66,000కు పెరిగితే లెక్క వేరు. మరొకరికి అమ్ముకుంటే డీలరుకు 2.40 లక్షలు అదనంగా వస్తాయి. అడ్వాన్సు వాపసు ఇచ్చినా అతనికి పోయేది లేదు, అది మొదటి నుంచీ అతని సొమ్ము కాదు. ధర తేడాను నష్టపరిహారంగా కోరే హక్కు బిల్డరుకు చట్టం ఇస్తుంది గాని, కోర్టు తీర్పు వచ్చేదాకా శ్లాబు ఆగదు.

అంటే అడ్వాన్సు బిల్డరును కట్టేస్తుంది గాని డీలరును కట్టేయదు. డీలరును కట్టేసేది గుర్తు వేసిన సరుకు ఒక్కటే. 2022లో రెండు వైపుల వారికీ ఈ పరీక్ష ఎదురైంది. ఆ వసంతంలో ఉక్రెయిన్ యుద్ధంతో ఉక్కు ధరలు ఎగిశాయి. మే 22 నుంచి కేంద్రం కడ్డీలతో సహా పలు ఉక్కు సరుకులపై 15 శాతం ఎగుమతి సుంకం వేయగా ధరలు దిగాయి. నవంబరు 19న సుంకం తొలగింది. మార్చిలో ఆరు నెలలకు కుదిరిన ఒప్పందమైతే, మొదట డీలరుకూ తర్వాత బిల్డరుకూ తప్పుకోవాలన్న ఆశ పుట్టి ఉంటుంది.

గుర్తు, కాటా, ఖాతా

ప్రతి కట్టకూ మిల్లు వేసిన బిళ్ళ ఉంటుంది. దానిపై సైజు, గ్రేడు, పోత నంబరు ఉంటాయి. ఒప్పందం రోజునే సైజుల వారీగా ఈ నంబర్లు జాబితా రాసి ఇద్దరూ సంతకం చేయాలి. లాటు వచ్చినప్పుడు బిళ్ళ నంబరు జాబితాతో కలవకపోతే, రిజర్వు సరుకు ఇదివరకే వేరొకరికి వెళ్ళిందని అర్థం. ‘ఈసారికి వేరే కంపెనీ మాల్ తీసుకోండి’ అన్న మాట కూడా దాదాపు అదే సూచన. రెండవ లాటుకు ముందు ఒకసారి గోదాముకు వెళ్ళి కట్టలు లెక్కపెట్టుకోవడం మంచిది.

పరిమాణం కడ్డీల లెక్కన కాక తూకం లెక్కన ఉండాలి. 12 మి.మీ. కడ్డీ మీటరుకు 888 గ్రాములని లెక్క. కాని భారతీయ ప్రమాణం ప్రకారం 10 మి.మీ. వరకు 7 శాతం, ఆపై 16 వరకు 5 శాతం, దాటితే 3 శాతం అటూ ఇటూ ఉండవచ్చు. ఖాళీ లారీకి, లోడు లారీకి రెండు కాటా చీటీలూ జతచేసి, మిగిలిన టన్నులు ఖాతాలో సైజుల వారీగా రాయించుకోవాలి. విడుదల ఉత్తరువు ఎన్ని రోజుల ముందు ఇవ్వాలో, ఎవరి సంతకం చెల్లుతుందో ముందే చెప్పుకోవాలి.

శ్లాబు ఆలస్యమైతే

వర్షాలకో, డబ్బు అందకో శ్లాబు వెనకబడటం మామూలే. డీలరు సొమ్ము మాత్రం ఆ కట్టల్లోనే ఇరుక్కుని ఉంటుంది. కొనుగోలుదారు సకాలంలో ఎత్తకపోతే భద్రపరచిన ఖర్చు వసూలు చేసే హక్కు అమ్మినవారికి చట్టంలోనే ఉంది. దాన్ని వాదనకు వదలక, ఫలానా రోజుల వరకు ఉచితం, ఆపై టన్నుకు రోజుకింత, ఫలానా గడువు దాటితే నోటీసు ఇచ్చి ఆ లాటును అమ్ముకోవచ్చు అని మూడు మెట్లుగా రాసుకుంటే ఇద్దరికీ మేలు. ఒక లాటు తప్పితే మొత్తం బేరం రద్దవుతుందా, ఆ లాటుకే పరిమితమా అన్నదీ రాయాలి. రాయకపోతే ఒప్పందపు మాటలను, సందర్భాన్ని బట్టి కోర్టు తేలుస్తుంది. దలాలీ మొత్తం టన్నులపైనా, విడుదలైన లాటుపైనా అన్నది బ్రోకరు మొదటే తేల్చుకోవాలి.

సిమెంటుకు ఈ పద్ధతి పనికిరాదు. నిల్వలో దాని బలం తగ్గుతుంది, మూడు నెలలు దాటిన బస్తాలను మళ్ళీ పరీక్షించాలి. అక్కడ ధర బుకింగే సరి. 2025 సెప్టెంబరు 22న సిమెంటుపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ‘పన్నుతో సహా’ అని ధర రాసుకున్న బుకింగుల్లో ఆ 10 శాతం ఎవరిదన్న ప్రశ్న లేస్తుంది. అందుచేత లాట్ల బేరం ఏ సరుకుదైనా ధర వేరుగా, పన్ను వేరుగా రాసి, విడుదల నాటి పన్నే వర్తిస్తుందని చేర్చుకోవాలి.